పరీక్ష తొమ్మిదింటికి... మరి మెలకువ ఎన్నింటికి?

పరీక్ష ముందురోజు రాత్రి తొమ్మిదయ్యేసరికి ఇంట్లో అందరూ ఒకటే మాట అంటారు: ‘ఇక పుస్తకం మూసెయ్, రేపు పరీక్ష, హాయిగా పడుకో.’ మాట మంచిదే. కానీ రెండు వారాలుగా రాత్రి ఒంటి గంట దాకా చదివి, పొద్దున తొమ్మిదికి లేస్తున్న పిల్లకి ఆ రాత్రి పదింటికి నిద్ర రమ్మంటే రాదు. కళ్లు మూసుకుని పడుకుంటుంది. ఫ్యాన్ చప్పుడు వింటుంది. పదకొండయింది, పన్నెండయింది. నిద్ర పట్టలేదన్న దిగులు పరీక్ష దిగులుకు తోడవుతుంది. ‘హాయిగా పడుకో’ అన్న మాట రెండు వారాలు ఆలస్యంగా వచ్చింది, అంతే.

ఆ ఒక్క రాత్రి గురించి మనం పడే ఆరాటం ఎంతవరకు సబబో చెప్పే అధ్యయనం ఒకటుంది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కెమిస్ట్రీ తరగతి విద్యార్థుల చేతికి నిద్రను లెక్కగట్టే బ్యాండ్లు పెట్టి, ఒక సెమిస్టర్ పాటు చూశారు. 88 మంది వివరాలను వాళ్ల మార్కులతో పోల్చి 2019లో ఫలితాలు ప్రచురించారు. పరీక్ష ముందు రాత్రి ఎంతసేపు పడుకున్నారన్నదానికీ, ఆ పరీక్షలో వచ్చిన మార్కులకూ సంబంధం కనిపించలేదు. అంతకు ముందు వారమంతా, నెలంతా ఎలా పడుకున్నారన్నదానికి మాత్రం కనిపించింది. ఎక్కువసేపు, రోజూ ఇంచుమించు ఒకే తీరుగా పడుకున్నవాళ్ల మార్కులు మెరుగ్గా ఉన్నాయి. ఇది ఒక కాలేజీలో, ఒక తరగతిలో చూసిన సంగతి. నిద్ర వల్లే మార్కులు వచ్చాయని దీంతో తేల్చి చెప్పలేం. అయినా మనకు పనికొచ్చే సూచన ఇందులో ఉంది: సర్దుకోవాల్సింది చివరి రాత్రిని కాదు, దాని ముందు పదిహేను రోజులను.

గేటు దగ్గర నుంచి వెనక్కి లెక్క

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటర్ పబ్లిక్ పరీక్షలు ఉదయం 9 నుంచి 12 దాకా జరుగుతాయి. పదో తరగతి వాళ్లకు తొమ్మిదిన్నరకు మొదలవుతాయి. తెలంగాణలో ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని నిబంధన ఏళ్ల తరబడి పిల్లల్ని పరుగులు పెట్టించింది. 2024లో దాన్ని ఐదు నిమిషాలకు సడలించారు. సడలింపు ఉన్నా లేకున్నా ఎనిమిదిన్నరకల్లా సెంటర్ దగ్గర ఉండటమే క్షేమం.

ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. మొదటి పరీక్ష మార్చి 5న. సెంటర్ వేరే కాలేజీలో పడింది, బస్సులో ముప్పావుగంట ప్రయాణం. ఎనిమిదిన్నరకు చేరాలంటే ఏడుంపావుకల్లా ఇంట్లోంచి కదలాలి. బస్సు కోసం నిలబడే పావుగంటా ఇందులోనే వచ్చేసింది. స్నానం, టిఫిను, ముఖ్యమైన పేజీలు ఒకసారి తిరగేయడం, వీటికి గంటంపావు. అంటే ఆరింటికి లేవాలి.

ఈ వయసు వాళ్లకు ఎంత నిద్ర కావాలి? అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం 14 నుంచి 17 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు, 18 నుంచి 25 ఏళ్ల వారికి 7 నుంచి 9 గంటలు. మన లెక్కకు ఎనిమిది తీసుకుందాం. ఆరింటికి లేవాలంటే రాత్రి పదికి నిద్ర పట్టాలి.

ఇప్పుడామె పరిస్థితి చూడండి. ప్రిపరేషన్ సెలవులు ఇచ్చాక రాత్రి ఒంటి గంటకు పడుకుని పొద్దున తొమ్మిదికి లేస్తోంది. గంటలు లెక్కపెడితే ఎనిమిదీ ఉన్నాయి, లోటేమీ లేదు. తేడా అంతా వేళలో ఉంది. ఇదే అలవాటుతో మార్చి 5 దాకా వెళితే ఆ రోజు ఒంటి గంటకు పడుకుని ఆరింటికి లేవాలి. మూడు గంటలు కోత పడుతుంది. అంతకన్నా చిక్కు ఇంకొకటుంది. ప్రశ్నపత్రం చేతికిచ్చే తొమ్మిదింటికి, నిన్నటిదాకా ఆమె పక్క మీద నుంచి లేవనే లేదు. లేచీ లేవగానే ఉండే ఆ మందకొడితనంతో మొదటి అరగంట గడిచిపోయే ప్రమాదం ఉంది.

పడుకునే వేళ కాదు, లేచే వేళ

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ‘రేపటి నుంచి పదికే పడుకుంటా’ అని నిర్ణయించుకుంటారు. పడుకుంటారు కూడా. నిద్ర రాదు. పక్కనే ఉన్న ఫోను చేతిలోకి వస్తుంది. రెండు రోజులు చూసి ‘నాకు రాత్రి చదువే పడుతుంది, నేనింతే’ అనుకుని పాత దారికి వెళ్లిపోతారు.

నిద్ర ఎప్పుడు వస్తుందన్నది రెండు సంగతుల మీద ఆధారపడి ఉంటుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో వివరించారు. మెలకువగా ఉన్న కొద్దీ పెరుగుతూ పోయే నిద్రావసరం ఒకటి. వెలుగు చీకట్లను బట్టి నడిచే లోపలి గడియారం రెండోది. రోజూ తొమ్మిదికి లేచే అమ్మాయికి రాత్రి పదికి మెలకువ వచ్చి పదమూడు గంటలే అయింది, నిద్రావసరం ఇంకా పూర్తిగా పేరుకోలేదు. పైగా అలవాటైన నిద్రవేళకు ముందు రెండు మూడు గంటలు లోపలి గడియారం మనిషిని బాగా చురుగ్గా ఉంచుతుంది. ఒంటి గంటకు పడుకునే ఆమెకు ఆ చురుకైన గంటలు పది నుంచి పన్నెండు దాకా వస్తాయి. రాత్రి చదివితేనే బుర్రకెక్కుతుంది అనిపించడానికి ఇదొక కారణం. టీనేజీలో ఈ గడియారం సహజంగానే కాస్త వెనక నడుస్తుంది కాబట్టి పిల్లల్ని బద్ధకస్తులని తిట్టి లాభం లేదు.

అందుకని నిద్రను లాగలేం, మెలకువను లాగగలం. అలారం మన చేతిలో ఉంటుంది, నిద్ర ఉండదు. లేచే వేళను ముందుకు జరిపితే ఒకటి రెండు రోజుల్లో పడుకునే వేళ దాని వెంట వస్తుంది.

మన అమ్మాయి లెక్క ఇలా వేసుకోవచ్చు. రెండు రోజులకోసారి అరగంట చొప్పున జరపాలి. ఫిబ్రవరి 18, 19 తేదీల్లో ఎనిమిదిన్నరకు లేస్తుంది. 20, 21ల్లో ఎనిమిదికి. 22, 23ల్లో ఏడున్నరకు. 24, 25ల్లో ఏడింటికి. 26, 27ల్లో ఆరున్నరకు. 28న, మార్చి 1న ఆరింటికి. ఆ తర్వాత 2, 3, 4 తేదీల్లో ఏ మార్పూ లేకుండా ఆరింటికే లేస్తుంది. మార్చి 5 ఆమెకు వరసగా ఆరో ఆరుగంటల పొద్దు అవుతుంది, కొత్తగా ఉండదు. పడుకునే వేళ కూడా ఇదే లెక్కన పన్నెండున్నర, పన్నెండు, పదకొండున్నర అలా పదికి దిగుతుంది. కానీ దాన్ని బలవంతం చేయనక్కర్లేదు. ఏదో ఒక రోజు అరగంట ఆలస్యంగా నిద్ర పట్టినా సరే, మర్నాడు లేచే వేళ మాత్రం మారకూడదు.

ఒక్క దెబ్బకు తొమ్మిది నుంచి ఆరుకు ఎందుకు దూకకూడదు? దూకితే మొదటి నాలుగైదు రోజులు పగలంతా మగతగా ఉంటుంది, చదువు సాగదు. మధ్యాహ్నం మూడు గంటలు నిద్రపోతారు, ఆ రాత్రి మళ్లీ ఒంటి గంట అవుతుంది. ఆ రోజుల చదువు పోతుంది, వేళా మారదు.

లేవగానే వాకిట్లోకి

లోపలి గడియారాన్ని ముందుకు తిప్పేది అలారం మోత కాదు, పగటి వెలుగు. కాబట్టి లేచాక గదిలో ట్యూబ్‌లైటు కింద కూర్చోకుండా పదిహేను ఇరవై నిమిషాలు ఆరుబయటకు రావాలి. వాకిట్లోనో, డాబా మీదో, అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీలోనో పళ్లు తోముకోవచ్చు, మొక్కలకు నీళ్లు పోయవచ్చు, ఫార్ములాల కాగితం పట్టుకుని అటూ ఇటూ నడవవచ్చు. మబ్బుగా ఉన్నా బయటి వెలుగు గది వెలుగు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

రాత్రి దీనికి వ్యతిరేకంగా ఉండాలి. పడుకోవడానికి గంట ముందు గదిలో పెద్ద లైటు తీసేసి చిన్న టేబుల్ లైటుతో సరిపెట్టుకోవాలి. ఫోనును ఇంకో గదిలో చార్జింగుకు పెట్టాలి. అలారం కోసం ఫోను దగ్గరుండాలి అంటారు చాలామంది. రెండు మూడు వందల రూపాయల్లో బల్ల మీది అలారం గడియారం దొరుకుతుంది. దాన్ని చేతికందనంత దూరంలో పెడితే ఇంకో లాభం కూడా ఉంది, ఆపడానికి మంచం దిగాల్సిందే. ‘ఇంకో ఐదు నిమిషాలు’ అంటూ నాలుగుసార్లు నొక్కే అవకాశం ఉండదు. ఆ ముక్కలు ముక్కల ఇరవై నిమిషాలతో నిద్రా తీరదు, మెలకువా రాదు.

ఏ వేళకు ఏ చదువు

మేలుకునే వేళ మారుతున్నప్పుడు చదివే వరస కూడా మారాలి. రాత్రి పదకొండుకు లెక్కలు చేసే అలవాటున్న అమ్మాయి పరీక్షలో అవే లెక్కలను పొద్దున పదింటికి చేయాలి. అందుకే ఫిబ్రవరి 24 నుంచి, అంటే ఏడింటికి లేవడం మొదలైన రోజు నుంచి, తొమ్మిది నుంచి పన్నెండు దాకా మోడల్ పేపర్ల వేళ చేసుకోవాలి. కుర్చీలో కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, మధ్యలో లేవకుండా మూడు గంటలూ రాయాలి. రోజూ వీలు కాకపోతే రోజు విడిచి రోజు. మధ్యాహ్నానికి కొత్త పాఠాలు, సాయంత్రానికి తప్పులు దిద్దుకోవడం, రాత్రికి తేలికపాటి రివిజన్.

ఆ చివరి రివిజన్‌కు తగిన చోటు పడుకోబోయే ముందేనని చెప్పడానికి ఒక పాత ప్రయోగం ఉంది. 1924లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇద్దరు విద్యార్థుల చేత అర్థం లేని పది అక్షరాల గుంపులను బట్టీ పట్టించారు. కొన్నిసార్లు బట్టీ పట్టగానే పడుకోనిచ్చి, కొన్నిసార్లు మామూలుగా తిరగనిచ్చి, కొన్ని గంటల తర్వాత అప్పజెప్పమన్నారు. ఎనిమిది గంటల తర్వాత, పడుకుని లేచినప్పుడు సగానికి పైగా గుర్తున్నాయి. మెలకువగా తిరిగినప్పుడు పదింట ఒకటి కూడా మిగలడం కష్టమైంది. ఇద్దరి మీదే చేసిన ప్రయోగం ఇది, పైగా అర్థం లేని అక్షరాలతో. అయినా దీన్నుంచి ఒక తేలికైన అలవాటు తీసుకోవచ్చు. కెమిస్ట్రీ సమీకరణాలో, సంస్కృత శ్లోకాలో, చరిత్ర తేదీలో, నోటికి రావాల్సినవాటిని రాత్రి చివరి ఇరవై నిమిషాల్లో ఒకసారి చూసుకుని నేరుగా పడుకోవాలి. మధ్యలో రీల్స్, కబుర్లు వద్దు. కొత్త పాఠం మాత్రం ఆ వేళ తెరవకూడదు. అర్థం కాని పేజీ ఒకటి చూస్తే దాని గురించిన కంగారే పక్క దాకా వస్తుంది.

మధ్యాహ్నపు కునుకు, రాత్రి టీ

ఈ ప్రణాళికను పాడుచేసేవి ఎక్కువగా రెండే. మొదటిది మధ్యాహ్నపు నిద్ర. ఫిబ్రవరి చివరికే ఎండ ముదురుతుంది, అన్నం తినగానే కళ్లు మూతలు పడతాయి. పడుకోవడంలో తప్పు లేదు. ఎంతసేపన్నదే ప్రశ్న. ఇరవై నిమిషాల కునుకు తీసి లేస్తే ముఖం కడుక్కుని వెంటనే పుస్తకం పట్టవచ్చు. గంటో గంటన్నరో పడుకుంటే నిద్ర గాఢమవుతుంది. మధ్యలో లేపితే అరగంట దాకా ఎక్కడున్నామో తెలియని మత్తు ఉంటుంది. రాత్రి నిద్ర కూడా వెనక్కి పోతుంది. కాబట్టి కునుకు మూడింటిలోపు, ఇరవై నిమిషాలు, అలారం పెట్టుకుని. మంచం మీద కాకుండా పడక కుర్చీలోనో, చాప మీదో వాలితే లేవడం సులువు.

రెండోది టీ, కాఫీ. పరీక్షల రోజుల్లో రాత్రి తొమ్మిదికి అమ్మ తెచ్చే కప్పు కాఫీ వెనక ప్రేమే ఉంటుంది. అయితే కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. కొందరిలో ఇంకా ఎక్కువ. తొమ్మిదికి తాగిన కాఫీలో సగం రాత్రి రెండింటికి కూడా ఒంట్లో ఉంటుందన్నమాట. పదికి పడుకోదలచినవాళ్లకు మధ్యాహ్నం రెండు మూడు గంటల కప్పే ఆ రోజుకు చివరిది కావాలి. రోజుకు నాలుగు కప్పులు అలవాటైనవాళ్లు ఉన్నట్టుండి మానితే తలనొప్పి రావచ్చు. అందుకని పరీక్షకు రెండు వారాల ముందే రాత్రి కప్పును, తర్వాత సాయంత్రం కప్పును తగ్గించుకుంటూ రావాలి. రాత్రి ఏదైనా వేడిగా తాగాలనిపిస్తే మజ్జిగ చారో, పాలో ఉండనే ఉన్నాయి.

దారి సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి నోటు పుస్తకం చివరి పేజీ చాలు. రోజూ పొద్దున మూడు సంగతులు రాసుకోవాలి: నిన్న ఇంచుమించు ఎన్నింటికి నిద్ర పట్టింది, ఇవాళ ఎన్నింటికి లేచాను, నిన్న పదకొండు గంటల వేళ చదువుతుంటే మగత వచ్చిందా. వారం తర్వాత చూసుకుంటే తెలుస్తుంది. పక్క మీద వాలిన అరగంట లోపు నిద్ర పడుతూ, అలారం మోగే వేళకు మెలకువ దగ్గరపడుతూ, పొద్దున చదివేటప్పుడు ఒకే వాక్యం మూడుసార్లు చదవాల్సిన అవసరం రాకుండా ఉంటే గడియారం జరిగినట్టే. పొద్దున పదకొండుకే ఆవులింతలు వస్తుంటే ఇంకో రెండు రోజులు అదే మెట్టు మీద ఆగి, తర్వాత ముందుకు జరపాలి. ఆదివారం వచ్చిందని రెండు గంటలు ఎక్కువ పడుకుంటే మాత్రం నాలుగు రోజుల శ్రమ వెనక్కి పోతుంది.

తెల్లవారుజాము చదువులో మరిచిపోయిన సగం

‘తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితే మరిచిపోరు’ అని ప్రతి ఇంట్లో తాతయ్యలు చెబుతారు. వాళ్లు చెప్పింది నిజమే, కానీ వాళ్లు రాత్రి ఎనిమిదికే భోంచేసి పడుకునేవారు. కరెంటు లేని ఊళ్లో అంతకు మించి చేసే పని కూడా ఉండేది కాదు. నాలుగింటికి లేచేసరికి ఎనిమిది గంటల నిద్ర పూర్తయ్యేది. ఇప్పుడు పదకొండున్నర దాకా చదివించి, నాలుగింటికి లేపి, ‘తాతయ్య లేచేవాడు’ అంటే లెక్క కుదరదు. నాలుగున్నర గంటల నిద్రతో కూర్చున్న పిల్లవాడు పుస్తకం ముందు ఉంటాడు, పుస్తకంలో ఉండడు. తెల్లవారుజాము చదువు కావాలనుకుంటే ఇంట్లో టీవీ, భోజనాలు, మాటలు అన్నీ ఎనిమిదిన్నరకు ముగియాలి. ఇల్లంతా అందుకు సిద్ధమైతేనే ఆ దారి ఎంచుకోవాలి.

హాస్టల్ పిల్లల సంగతి వేరు. పొద్దున ఐదుకే బెల్లు, రాత్రి పదిన్నర, పదకొండు దాకా స్టడీ అవర్స్ ఉన్నచోట వేళలు వాళ్ల చేతిలో లేవు. చేతిలో ఉన్నది, లైట్లు ఆర్పాక జరిగేది. దుప్పటి కింద టార్చి వేసుకుని చదివే ఇంకో గంట, పక్క మంచం మీది కబుర్లు, ఇవి మానుకుంటే ఆరు గంటలన్నా చెక్కుచెదరకుండా దక్కుతాయి. మధ్యాహ్నం భోజన విరామంలో పది నిమిషాల్లో తినేసి, డెస్కు మీద తల వాల్చి పదిహేను నిమిషాలు కళ్లు మూసుకోవచ్చు. తల్లిదండ్రులు పరీక్షల ముందు హాస్టల్ నుంచి ఇంటికి తీసుకొస్తే మొదటి రెండు రోజులు పిల్లలు బాగా నిద్రపోతారు. ఆ బాకీ తీరనివ్వండి. మూడో రోజు నుంచి లేచే వేళను ఖాయం చేస్తే చాలు.

పరీక్షకూ పరీక్షకూ మధ్య రోజు

ఇంటర్ మొదటి, రెండో సంవత్సరాల పరీక్షలు రోజు విడిచి రోజు పెడతారు కాబట్టి చాలా పేపర్ల మధ్య ఒక రోజు ఖాళీ దొరుకుతుంది. కుదుర్చుకున్న వేళ ఎక్కువగా చెడేది ఆ ఖాళీ రోజునే. పరీక్ష రాసి పన్నెండున్నరకు బయటపడి, ఇంటికొచ్చి, తిని, రెండింటికి పడుకుని ఐదున్నరకు లేస్తారు. అలసట వల్ల వచ్చిన నిద్ర అది, అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ రాత్రి ఒంటి గంట దాకా మెలకువే. ‘రేపు గ్యాపే కదా’ అని పొద్దున తొమ్మిదికి లేస్తారు. మర్నాటి పరీక్షకు మళ్లీ ఆరింటికి లేవాలి.

దీనికి విరుగుడు ఒక్కటే. పరీక్ష రోజు మధ్యాహ్నం ముప్పై నిమిషాలు పడుకోవచ్చు, మూడింటికల్లా లేవాలి. సాయంత్రం పుస్తకం ముట్టకపోయినా పర్వాలేదు, నడిచి రావడమో, స్నేహితులతో మాట్లాడటమో చేసి, ఆ రాత్రి తొమ్మిదిన్నరకే పడుకోవచ్చు. నిద్ర ఎక్కువ కావాలంటే రాత్రి ముందు పడుకుని సంపాదించుకోవాలి, పొద్దున ఆలస్యంగా లేచి కాదు. గ్యాప్ రోజు కూడా ఆరింటికే లేవాలి. రాసిన పేపరు జవాబులు వాట్సాప్ గ్రూపులో సరిచూసుకునే పని మొత్తం పరీక్షలు అయ్యాక పెట్టుకోవచ్చు.

చివరి రాత్రి నిద్ర పట్టకపోతే

అన్నీ చేసినా మార్చి 4 రాత్రి మన అమ్మాయికి నిద్ర పట్టకపోవచ్చు. అది మామూలే. సాయంత్రం ఆరింటికే హాల్ టికెట్, పెన్నులు, ప్యాడ్, నీళ్ల సీసా సంచిలో పెట్టుకుని, బస్సు వేళ చూసుకుని ఉంటే పక్క మీద లెక్క వేసుకునే పనులు తగ్గుతాయి. ఇరవై ముప్పై నిమిషాలైనా నిద్ర రాకపోతే అలాగే దొర్లుతూ ఉండక లేచి, చిన్న దీపం వెలుగులో కూర్చుని ఏదైనా చప్పని పని చేయాలి. బట్టలు మడతపెట్టడం, పాత వారపత్రిక తిరగేయడం లాంటివి. ఆవులింత వచ్చాక మళ్లీ పడుకోవాలి. గడియారం ముఖాన్ని గోడవైపు తిప్పితే ‘ఇంకా నాలుగు గంటలే’ అనే లెక్కలు ఉండవు. అమ్మానాన్నలు ‘పడుకున్నావా? ఇంకా పడుకోలేదా?’ అని తలుపు తీసి చూడకపోవడం మంచిది.

ఆ రాత్రి ఐదు గంటలే పట్టినా, ముందు రోజులు సవ్యంగా ఉంటే కంగారు పడక్కర్లేదు. అలాగని ఒక్క రాత్రికి ప్రాధాన్యం లేదు కాబట్టి నైట్ అవుట్ చేయవచ్చు అనుకోకూడదు. రాత్రంతా కూర్చుని చదివిన రెండు అధ్యాయాల కోసం, పొద్దున మూడు గంటలు రాయాల్సిన చురుకును పందెం పెట్టినట్టవుతుంది. సిలబస్ మిగిలిపోతే పదకొండుకు ఆపేసి, మిగిలినవాటిలో ఎక్కువ మార్కులు వచ్చేవి రెండు ఎంచుకుని ఉదయం చూసుకోవాలి. నిద్ర కోసం ఎవరో ఇచ్చిన మాత్రలు మాత్రం వేసుకోకూడదు. వారాల తరబడి నిద్రే పట్టడం లేదంటే అది ఈ వ్యాసం పరిధి కాదు, డాక్టరుతో మాట్లాడాలి.

మధ్యాహ్నం పరీక్షలకు లెక్క మారుతుంది

నీట్ మధ్యాహ్నం 2 గంటలకు మొదలవుతుంది, ఒకటిన్నరకే గేటు మూస్తారు. జేఈఈ మెయిన్ ఉదయం 9కి ఒక షిఫ్టు, మధ్యాహ్నం 3కి ఒక షిఫ్టు. ఇక్కడ కష్టం పొద్దున లేవడంలో లేదు. రోజూ రెండింటికి కునుకు తీసే అలవాటున్నవాళ్లకు సరిగ్గా ఆ వేళకే ప్రశ్నపత్రం చేతికొస్తుంది. అలాంటి పరీక్ష ఉన్నవాళ్లు పది రోజుల ముందు నుంచి మధ్యాహ్నపు నిద్ర మానేసి, రెండు నుంచి ఐదు దాకా మోడల్ పేపర్లు రాయాలి. పదకొండున్నరకే తేలికగా భోంచేయడం కూడా ఆ పది రోజుల్లో అలవాటు చేసుకోవాలి. పొద్దున లేచే వేళ ఆరున్నరో ఏడో అయినా పర్వాలేదు, రోజూ అదే కావాలి.

మూడు రోజులే మిగిలితే

ఈ పత్రిక చేతికొచ్చేసరికి పరీక్షకు మూడు రోజులే ఉండవచ్చు. అప్పుడు ఆరు మెట్లు ఎక్కలేరు, మూడు మెట్లు ఎక్కవచ్చు. రోజుకు అరగంట చొప్పున లేచే వేళను ముందుకు జరపండి, తొమ్మిదికి లేచేవాళ్లు ఏడున్నరకు వస్తారు. పొద్దున ఇరవై నిమిషాలు వెలుగులో ఉండండి. మధ్యాహ్నం కునుకును ఇరవై నిమిషాలకు కుదించండి, సాయంత్రం నుంచి కాఫీ ఆపండి. మొదటి పరీక్ష రోజు కాస్త నిద్ర తక్కువే అవుతుంది, దాన్ని ఒప్పుకోండి. మొదటి పేపరు అయిపోయిన రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటే మిగిలిన పేపర్లకు వేళ కుదురుతుంది. ఇంటర్‌లో ఇంకా చాలా పేపర్లు ఉంటాయి, ఆ సర్దుబాటు వాటన్నిటికీ పనికొస్తుంది.